సవరణ: మేఘం ఎందుకు కింద పడదు

"మేఘం అంటే నీటి ఆవిరి, అది గాలికన్నా తేలిక కాబట్టి పైనే ఉంటుంది" అని ముందు పోస్టులో రాశాను. అది తప్పు.

ఆవిరి కంటికి కనిపించదు. తెల్లగా కనిపించేవి నీటి బిందువులే, అవి గాలికన్నా వందల రెట్లు సాంద్రమైనవి. వాతావరణ శాస్త్ర పాఠ్యపుస్తకాల ప్రకారం ఒక్కో బిందువు వ్యాసం సుమారు 0.02 మిల్లీమీటర్లు. అంత చిన్నదాన్ని గాలి గట్టిగా అడ్డుకుంటుంది, అందుకే అది సెకనుకు 1 సెంటీమీటరు చొప్పునే కిందికి జారుతుంది. వేడెక్కి పైకి లేచే గాలి వేగం చిన్న మేఘంలో కూడా సెకనుకు 1 మీటరు దాకా ఉంటుంది. అంటే బిందువు గాలిలో పడుతూనే, నేల నుంచి చూస్తే పైకి వెళ్తుంటుంది.

ఘన కిలోమీటరు మేఘంలో సుమారు 500 టన్నుల నీళ్లుంటాయని అదే పోస్టులో రాసిన లెక్క మాత్రం సరైనదే. బిందువులు కలిసిపోయి 2 మిల్లీమీటర్లకు పెరిగితే సెకనుకు 6 మీటర్లకు పైగా వేగంతో పడతాయి. అప్పుడు పైకి లేచే గాలి వాటిని ఆపలేకపోతుంది, వాన మొదలవుతుంది.