సవరణ: హెయిర్ చాక్‌కి ముందు జుట్టు తడపడం గురించి

"అక్కా, ఫ్రెషర్స్ పార్టీకి మీరు చెప్పినట్టే జుట్టు తడిపి చాక్ వేసుకున్నా. మూడుసార్లు తలస్నానం చేసినా గులాబీ రంగు పోలేదు." (కూకట్‌పల్లి నుంచి ఒక చెల్లెలు)

తప్పు నాదే, క్షమించమ్మా. తడపమన్నది రంగు వేయని నల్ల జుట్టుకే. ఆ మాట రాయలేదు. నీ పాయలు బ్లీచ్ చేసినవి. బ్లీచ్ పడ్డ వెంట్రుక పైపొర తెరుచుకుని ఉంటుంది, తడిస్తే రంగు లోపలికి దిగిపోతుంది. అలాంటి జుట్టుకి పొడిగానే రాయాలి, అదీ ముందు ఒక్క పాయ మీద చూసుకుని.

ఇప్పుడు ఆ పాయలకి కొబ్బరినూనె బాగా పట్టించి, అరగంటాగి, షాంపూతో రెండుసార్లు కడుగు. నురగ గులాబీగా వస్తుంటే రంగు దిగుతున్నట్టే. నురగ తెల్లబడ్డాక కూడా పాయలో మిగిలితే అది మరక. గట్టిగా రుద్దకు, బ్లీచ్ జుట్టు తెగుతుంది. తలస్నానాలతో మెల్లగా వెలిసిపోతుంది.