రాణిగంజ్‌లో కొన్నంత మాత్రాన సరుకు మనదైపోదు

ఎగుమతుల లెక్కలు చూసేటప్పుడు నాకు ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "ఇది ఇక్కడే కొన్నాం సార్, ఇండియా సరుకే." దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం కింద సుంకం రాయితీ కోరే చోట ఈ మాట చెల్లదు. ఎక్కడ కొన్నామన్నది కాదు, ఎక్కడ తయారైందన్నదే అక్కడి ప్రశ్న.

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో 2010లో అమల్లోకి వచ్చిన భారత్-ఆసియాన్ ఒప్పందాన్నే తీసుకుందాం. పూర్తిగా ఇక్కడే పుట్టిన సరుకు కాకపోతే, దాని సాధారణ సూత్రంలో రెండు షరతులు ఉంటాయి. బయటి ముడిసరుకుకూ తయారైన వస్తువుకూ, కస్టమ్స్ సరుకులను వర్గీకరించే ఆరంకెల హెచ్ఎస్ కోడ్ వేరుగా ఉండాలి. ఎఫ్ఓబీ ధరలో, అంటే ఓడ ఎక్కించేదాకా ఖర్చులు కలిపిన ధరలో, కనీసం 35 శాతం విలువ ఒప్పంద దేశాలకు చెందాలి. తిప్పి చెప్పుకుంటే, బయటి సరుకు 65 శాతం దాటకూడదు. అయితే ఆ 65 శాతంలో దిగుమతి సరుకుతో పాటు "మూలం తేలని" సరుకు కూడా కలుస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

హైదరాబాద్ జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్ ప్యాకింగ్ మెషిన్ తయారుచేసి ఇండోనేషియాకు పంపుతోందనుకుందాం. ఎఫ్ఓబీ ధర 20 లక్షలు. చైనా నుంచి నేరుగా తెప్పించిన మోటార్లు, కంట్రోలర్లు 8.4 లక్షలు. యజమాని ఈ ఒక్క అంకెనే వేసుకుని, బయటి సరుకు 42 శాతమే కదా అని ధీమాగా ఉంటారు. కానీ సెన్సర్లు, బేరింగులు సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్‌లోని షాపులో కొన్నారు, వాటి విలువ 3.1 లక్షలు. స్టెయిన్‌లెస్ స్టీల్ షీట్లు ఒక ట్రేడర్ దగ్గర 2.1 లక్షలకు తీసుకున్నారు. ఈ రెండింటికీ తయారీ దేశం చూపే కాగితం లేదు. అన్నీ కలిపితే 13.6 లక్షలు, అంటే 68 శాతం. రాయితీ పోయినట్టే.

జీఎస్టీ బిల్లు చూపిస్తే సరిపోదా? అందులో హెచ్ఎస్ఎన్ కోడ్ ఉంటుంది, పన్ను ఉంటుంది. ఏ దేశంలో తయారైందో రాయాలన్న నిబంధన మాత్రం లేదు. పైగా నేరుగా దిగుమతి చేసుకున్న సరుకును సీఐఎఫ్ విలువకే, అంటే సరుకు ధర, బీమా, రవాణా కలిపిన విలువకే లెక్కిస్తారు. మూలం తేలనిదాన్ని మనం ఇక్కడ చెల్లించిన ధరకు లెక్కిస్తారు. అంటే ట్రేడర్ లాభం కూడా బయటి సరుకు కిందికే పోతుంది.

ఇప్పుడు ఆ స్టీల్ సంగతి చూద్దాం. షీటు మీద ఇంకుతో ముద్రించిన ఒక వరుస కనిపిస్తుంది. అందులో సాధారణంగా మిల్లు పేరు, గ్రేడు, ఏ బ్యాచ్‌లో కరిగించిన స్టీలో చెప్పే హీట్ నంబర్ ఉంటాయి. అదే హీట్ నంబర్‌తో మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ మిల్లు మన దేశంలోదైతే, సర్టిఫికెట్ కాపీతో పాటు సరఫరాదారు నుంచి మూలం డిక్లరేషన్ కూడా తీసుకుంటే ఆ 2.1 లక్షలను బయటి లెక్కలోంచి తీయడానికి ఆధారం దొరుకుతుంది. మిగిలేది 11.5 లక్షలు, 57.5 శాతం. మెషిన్ మారలేదు, మారింది కాగితమే. కానీ షీటు కట్ చేశాక ఆ ముద్ర ఏ ముక్క మీద మిగులుతుందో చెప్పలేం. అందుకే సరుకు దిగిన రోజే ఫొటో తీసి, కొనుగోలు బిల్లుకు జతచేయమని అడిగిన ప్రతివాళ్లకూ చెబుతుంటాను.

రాయితీ కోసం ఇక్కడ జారీ చేసే మూలం సర్టిఫికెట్ చేతికి వచ్చాక పని అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. అనుమానం వస్తే అక్కడి కస్టమ్స్ ఆ సర్టిఫికెట్‌ను తనిఖీ కోసం ఇక్కడ జారీ చేసిన సంస్థకు పంపుతుంది. ఆ ప్రశ్నలు మన దగ్గరికి వచ్చేసరికి నెలలు గడిచిపోయి ఉండొచ్చు, కొనుగోళ్లు చూసిన మనిషి ఉద్యోగం మానేసి ఉండొచ్చు. మన దేశమూ 2020 సెప్టెంబర్ 21 నుంచి కరోటార్ అనే కస్టమ్స్ నిబంధనల కింద రాయితీ కోరే దిగుమతిదారులను ఇలాగే అడుగుతోంది, 5 ఏళ్లు ఆధారాలు దాచమంటోంది. ఎగుమతిదారు కూడా కనీసం అంతకాలం దాచుకోవడం మంచిది. ఏ మెషిన్‌కు ఏ భాగం ఎంత వాడారో తెలిపే జాబితా, ఒక్కోదాని కొనుగోలు బిల్లు, దిగుమతి సరుకుకు బిల్ ఆఫ్ ఎంట్రీ, సరఫరాదారు డిక్లరేషన్, ఖర్చుల పట్టిక, సరుకు వెళ్లిన దారి చూపే బిల్ ఆఫ్ లేడింగ్, అన్నీ ఆ షిప్‌మెంట్ పేరు మీద ఒకే ఫైల్‌లో ఉండాలి.

ఈ భారమంతా చిన్న ఎగుమతిదారు మీదే పడటం నాకు న్యాయంగా అనిపించదు. సరుకు ఎక్కడి నుంచి తెచ్చాడో ట్రేడర్‌కు తెలుసు, చెప్పాల్సిన పని అతనికి లేదు. పరిశ్రమకు అమ్మే ముడిసరుకు బిల్లులో తయారీ దేశం రాయడం తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా పర్చేజ్ ఆర్డర్‌లోనే ఒక లైన్ చేర్చవచ్చు: "మూలం డిక్లరేషన్ అందాకే చెల్లింపు." డబ్బు చేతిలో పడకముందైతే ట్రేడర్ ఆ కాగితం ఇస్తాడు. ఏడాది తర్వాత అడిగితే ఫోనే ఎత్తడు.