లోగో సరిగ్గా ఉన్నంత మాత్రాన లెస్ పాల్ అసలుదైపోదు

“సెకండ్ హ్యాండ్‌లో గిబ్సన్ లెస్ పాల్ కొంటున్నారా? టెన్షన్ వద్దు. నాలుగు ఫోటోలు తెప్పించుకోండి చాలు. లోగో నీట్‌గా ఉండాలి. ఇన్‌లేలు నిజమైన ముత్యపు చిప్పలా మెరవాలి. ట్యూనర్ల మీద గ్రోవర్ అనో క్లూసన్ అనో పేరుండాలి. నెక్‌కి బోల్టులు ఉండకూడదు, అతికించి ఉండాలి. వెనక సీరియల్ నంబర్ కొట్టి చూస్తే సంవత్సరం వచ్చిందా, ఇక కళ్ళు మూసుకుని కొనేయండి. మీ గిటార్ ఫ్రెండ్స్ అందరికీ షేర్ చేయండి.”

ఈ సలహా నమ్మి రెండు లక్షల పైచిలుకు పోసేవాళ్ళు ఉంటారు కాబట్టి ఒక్కొక్కటిగా మాట్లాడుకోవాలి. ముందు దీని మూలంలో ఉన్న తప్పు చెబుతాను. నకిలీ చేసేవాడు కూడా ఈ సలహాలు చదువుతాడు. కొనేవాళ్ళు ఏ నాలుగు చోట్ల చూస్తారో ఆ నాలుగు చోట్లే శ్రద్ధ పెడతాడు. అందుకే ఫోటోలో ఏదైనా తేడా కనిపిస్తే గిటార్ నకిలీదని చెప్పొచ్చు కానీ, తేడా కనిపించలేదు కాబట్టి అసలుదని మాత్రం చెప్పలేం.

లోగోతో మొదలుపెడదాం. మంచి నకిలీల్లో లోగో ఇప్పుడు చాలావరకు సరిగ్గానే ఉంటోంది. పైగా గిబ్సన్ లోగో అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు. 1970 ప్రాంతంలో కొన్నేళ్ల పాటు లోగోలోని ‘ఐ’ మీద చుక్కే లేదు. ఆ సంగతి తెలియనివాళ్ళు అప్పటి అసలు గిటార్‌ని నకిలీ అనేస్తారు. స్టూడియో లాంటి చవక మోడళ్లలో లోగో పొదిగి కాకుండా బంగారు రంగులో అచ్చువేసి వచ్చినవీ ఉన్నాయి. అంటే లోగోని విడిగా కాదు, ఆ మోడల్, ఆ సంవత్సరంతో పక్కపక్కన పెట్టి చూడాలి.

గిటార్ తలభాగం, అంటే హెడ్‌స్టాక్ ఫోటోలో లోగో కన్నా దాని కింద ఉండే చిన్న గంట ఆకారపు ప్లాస్టిక్ మూత ఎక్కువ చెబుతుంది. దాని కింద ట్రస్ రాడ్, అంటే నెక్ వంపుని సరిచేసే లోపలి లోహపు కడ్డీ చివర ఉంటుంది. గిబ్సన్ లెస్ పాల్‌లో ఈ మూతకి రెండే స్క్రూలు, పైన ఒకటి, కింద ఒకటి. నకిలీల్లో మూడు కనిపించడం చాలా మామూలు. రెండే ఉన్నాయని అక్కడితో ఆగకండి, ఈ విషయం ఇప్పుడు వాళ్ళకీ తెలుసు. ఆ రెండు స్క్రూలూ విప్పి లోపలి ఫోటో పంపమనండి. గిబ్సన్‌లో రాడ్ చివర ఆరు పలకల ఇత్తడి నట్ ఉంటుంది, దాన్ని బయటి నుంచి పట్టుకుని తిప్పే గొట్టం లాంటి రెంచ్ కావాలి. నకిలీల్లో చాలావాటికి ఆలెన్ కీ దూరే గుంట ఉంటుంది. లోగో ఎంత చక్కగా చెక్కినా లోపల మాత్రం చవకగా దొరికే రాడ్డే వేస్తారు. ఇత్తడి నట్ పెట్టిన నకిలీలు కూడా కొన్ని వస్తున్నాయి కాబట్టి దీన్ని కూడా గిటార్‌ని తిరస్కరించడానికే వాడుకోవాలి. పాస్ చేయడానికి ఇది సరిపోదు.

ఇక ఇన్‌లేలు, అంటే ఫ్రెట్‌బోర్డ్‌లో పొదిగిన గుర్తులు. ఇక్కడ ఆ సలహా సరిగ్గా తలకిందులుగా ఉంది. లెస్ పాల్ స్టాండర్డ్ ఫ్రెట్‌బోర్డ్ మీద ఉండే ట్రాపెజాయిడ్ ఇన్‌లేలు అసలు గిటార్‌లోనే సాధారణంగా ప్లాస్టిక్‌వి. పాలమీగడ తెలుపులో మబ్బులు తేలినట్టు మెత్తటి చారలు ఉంటాయి. నిజమైన చిప్ప ఉండేది హెడ్‌స్టాక్ మీది గిబ్సన్ పేరులో. కాబట్టి స్టాండర్డ్ అని చెప్పిన గిటార్‌లో ఫ్రెట్‌బోర్డ్ ఇన్‌లేలు ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తుంటే సంతోషించాల్సిన పని లేదు, అనుమానించాలి. స్టాండర్డ్‌లో మొదటి ఇన్‌లే మూడో ఫ్రెట్ దగ్గర మొదలవుతుంది. కస్టమ్ మోడల్‌లో అయితే దీర్ఘచతురస్రాలు, అవి మొదటి ఫ్రెట్ నుంచే ఉంటాయి. కస్టమ్ అని చెప్పి మొదటి ఫ్రెట్ ఖాళీగా ఉన్న ఫోటో పంపితే ఇంకేమీ చూడక్కర్లేదు.

అదే ఫోటోలో చూపు ఇన్‌లే నుంచి కాస్త పక్కకి, ఫ్రెట్‌బోర్డ్ అంచుకి జరపండి. గిబ్సన్ ముందు ఫ్రెట్లు వేసి ఆ తర్వాత బైండింగ్‌ని, అంటే అంచున ఉండే తెల్ల ప్లాస్టిక్ పట్టీని చెక్కుతుంది. అందుకే ప్రతి ఫ్రెట్ చివర బైండింగే చిన్న బొడిపెలా పైకి లేచి, ఫ్రెట్ కొనని మూస్తుంది. వీటిని నిబ్స్ అంటారు. నకిలీల్లో ఎక్కువగా ఫ్రెట్ తీగే బైండింగ్ మీదుగా అంచు దాకా వచ్చి ఉంటుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. పాత గిటార్‌కి ఫ్రెట్లు మార్పిస్తే నిబ్స్ అరిగిపోతాయి, గిబ్సనే కొన్నాళ్లు నిబ్స్ లేకుండా చేసింది. అమ్మేవాడు ‘ఫ్రెట్లు ఎప్పుడూ మార్చలేదు’ అని చెప్పి, నిబ్స్ ఉండాల్సిన సంవత్సరంలో అవి లేకపోతే అప్పుడు పట్టుకోవాలి.

ట్యూనర్ల విషయం త్వరగా తేలిపోతుంది. వాటి మీద గ్రోవర్ అని ఉంటే ఆ పేరు ట్యూనర్ల గురించే, గిటార్ గురించి కాదు. అవి విడిగా దొరుకుతాయి, వాటికీ నకిలీలున్నాయి. అసలు గిటార్ల యజమానులు కూడా ట్యూనర్లు మారుస్తూనే ఉంటారు. పనికొచ్చేది వాటి వెనక చెక్క. క్లూసన్ తరహా ట్యూనర్‌కి రెండు చిన్న స్క్రూలు, గ్రోవర్ రోటోమాటిక్‌కి ఒకటే, పైగా పెద్ద రంధ్రం కావాలి. ఎవరైనా మార్చి ఉంటే పాత స్క్రూల గుంటలు గానీ, వాటిని పూడ్చిన మచ్చలు గానీ, పాత ట్యూనర్ ఆనిన నీడ గానీ మిగులుతుంది. ఆ సంవత్సరానికి సరిపడని ట్యూనర్లు ఉండి, వెనక చెక్క మాత్రం గీత లేకుండా ఉంటే, అవి ఫ్యాక్టరీలో వేసినవే. ఏ ఫ్యాక్టరీ అన్నదే అప్పుడు ప్రశ్న.

నెక్ అతికించి ఉంటే అసలుదే అన్న మాట అన్నింటికన్నా ప్రమాదం. లెస్ పాల్ స్టాండర్డ్‌కి బోల్టులుంటే నకిలీ అన్నది నిజమే. కానీ గిబ్సన్‌దే చవక బ్రాండ్ అయిన ఎపిఫోన్ లెస్ పాల్ స్టాండర్డ్‌కి కూడా అతికించిన నెక్కే, నకిలీల్లోనూ అదే. ‘పికప్ తీస్తే లోపల పొడవాటి నాలుక కనిపించాలి’ అని ఇంకో మాట తిరుగుతుంటుంది. నాలుక అంటే నెక్ చివర బాడీలోకి దూరే చెక్క. 1950ల గిటార్లలోనూ వాటి రీఇష్యూల్లోనూ నెక్ నాలుక పికప్ గుంతలోకి వస్తుంది. 1970ల నుంచి మామూలు స్టాండర్డ్‌లలో ఎక్కువగా పొట్టి నాలుకే. అది కనిపించలేదని అసలుదాన్ని వదులుకోకండి. అక్కడ చూడాల్సింది పనితనం. సందుల్లో పుట్టీ, కారిన జిగురు, ముక్కలు పెట్టి నింపిన ఖాళీలు ఉంటే ఆగిపోండి.

నెక్‌లో అసలు కథ పైచివర, తీగలు ఆనే నట్ అనే పట్టీ వెనక ఉంది. అది మాత్రం ఎవరూ అడగరు. లెస్ పాల్ హెడ్‌స్టాక్ వెనక్కి 17 డిగ్రీలు వాలి ఉంటుంది (1960ల మధ్య నుంచి కొన్నేళ్లు 14). గిబ్సన్ ఆ వాలుతో సహా నెక్‌ని పొడవునా ఏకంగా చెక్కుతుంది. దిమ్మె వెడల్పు హెడ్‌స్టాక్‌కి చాలదు కాబట్టి రెండు పక్కలా రెండు చిన్న చెక్క ముక్కలు అతికిస్తుంది. వెనక నుంచి చూస్తే ఆ అతుకులు హెడ్‌స్టాక్ రెండు అంచుల దగ్గర నిలువు గీతల్లా కనిపిస్తాయి. నకిలీలు చేసేవాళ్ళు చెక్క ఆదా కోసం హెడ్‌స్టాక్‌ని విడి ముక్కగా కోసి, ఏటవాలుగా నెక్‌కి అతికిస్తారు. దీన్ని స్కార్ఫ్ జాయింట్ అంటారు. నెక్‌కి అడ్డంగా, తిన్నగా ఒక గీత, ఆ గీత దగ్గర చెక్క నార దిశ ఒక్కసారిగా మారడం, ఇదీ దాని ఆనవాలు. స్కార్ఫ్ జాయింట్ చెడ్డదేమీ కాదు, చాలా మంచి గిటార్లకి ఉంటుంది. గిబ్సన్ లెస్ పాల్ అన్నదానికి మాత్రం ఉండకూడదు.

ఇక్కడ తొందరపడితే అసలు గిటార్‌కే అన్యాయం జరుగుతుంది. ఆ వాలు వల్ల గిబ్సన్ హెడ్‌స్టాక్‌లు పడితే విరుగుతాయి, అతికించినవి మార్కెట్లో బోలెడు. విరిగిన గీత చెక్క నార వెంట వంకరగా పాకుతుంది, అటూ ఇటూ చెక్క నార, రంగు కొనసాగుతాయి. స్కార్ఫ్ గీత రంపంతో కోసినట్టు ఉంటుంది. నల్ల రంగు వేసిన గిటార్‌లో ఇవేవీ సూటి ఫోటోలో కనబడవు. పక్క నుంచి ఏటవాలుగా లైటు వేసి తీయమనాలి, అప్పుడు అతుకుల దగ్గర రంగు కాస్త కుంగినట్టు తెలుస్తుంది.

సీరియల్ నంబర్ సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. 1998 స్టాండర్డ్ అని ప్రకటన, వెనక 91238456 అని ఉంది. 1977 నుంచి 2005 మధ్య దాకా గిబ్సన్ యూఎస్ఏ మామూలు పద్ధతి ప్రకారం మొదటి అంకె, ఐదో అంకె కలిపితే సంవత్సరం: 98. మధ్యలో 123 అంటే ఏడాదిలో 123వ రోజు, మే 3. చివరి మూడు ఆ రోజు వరుస సంఖ్య. లెక్క చక్కగా కుదిరింది. కుదరకేం చేస్తుంది, ఏదో ఒక అసలు గిటార్ నుంచి ఎత్తి వేల నకిలీల మీద కొట్టగలిగే అంకెలే కదా. నంబర్ తప్పుగా ఉంటే మాత్రం పని సులువు. రోజు 366 దాటినా, 1998 అని చెప్పి తొమ్మిది అంకెలున్నా అక్కడే ఆగిపోవచ్చు.

ఇదే గిటార్‌కి మిగతా ఫోటోలు కలిపి చూద్దాం. లోగో బాగుంది. ఇన్‌లేలు బాగున్నాయి, కానీ ఫ్రెట్ చివర్లు బైండింగ్ మీదుగా వచ్చేశాయి, అమ్మేవాడేమో ఫ్రెట్లు మార్చలేదంటున్నాడు. మూతకి రెండే స్క్రూలు, విప్పితే ఆలెన్ గుంట. ‘ట్రస్ రాడ్ మార్పించాను’ అంటాడు. అలా మార్చాలంటే ఫ్రెట్‌బోర్డ్ ఊడదీయాలి, అంత పని జరిగితే బైండింగ్ అంచున ఆనవాళ్లుండాలి, అవి లేవు. నట్ వెనక తిన్నని అడ్డగీత ఉంది, అంచుల్లో నిలువు అతుకుల్లేవు. ఒక్కోదానికి ఒక్కో సాకు దొరుకుతుంది. మూడూ ఒకే గిటార్‌లో కలిశాక ఆ నంబర్ ఎంత కుదిరినా ఈ గిటార్ గిబ్సన్ కాదు.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలో ఉన్న బంధువు చేత కొనిపించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఫోటోలే గతి. అలాంటప్పుడు ఈ ఫోటోలు అడగండి: మూత విప్పిన ట్రస్ రాడ్, పక్క నుంచి హెడ్‌స్టాక్ వాలు, నట్ వెనక భాగం ఏటవాలు వెలుగులో, ఫ్రెట్ చివర్లు దగ్గరగా, నెక్ పికప్ తీసిన గుంత. వేరేవాళ్ళ ఫోటోలు పంపకుండా, ఒక్కోదానిలో ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టమనండి. అన్నీ సరిపోయినా డబ్బు పూర్తిగా కట్టేముందు అక్కడే ఒక గిటార్ రిపేరర్ చేత వెనక మూత విప్పించి, లోపలి పొటెన్షియోమీటర్లు, వైరింగ్ చూపించమని ఆ బంధువుకి చెప్పండి. ట్రస్ రాడ్ మూతకున్న రెండు స్క్రూలు విప్పి ఫోటో తీయడానికే ఒప్పుకోని అమ్మకందారుతో బేరం అక్కడికి చాలించండి.