మంచి స్కీమే వేస్తారు సరే, ఫైనల్‌లో ఎంత రావాలి?

కొన్ని కోర్సుల్లో మొత్తం మార్కును రెండు స్కీముల్లో, అంటే కోర్స్‌వర్క్‌కీ ఫైనల్ పరీక్షకీ వేర్వేరు వాటాలిచ్చి కట్టి, ఎక్కువ వచ్చినదే వేస్తారు. దాని గురించి విద్యార్థులు అనుకునే మాట ఇది:

“రెండు స్కీముల్లో ఏది ఎక్కువైతే అదే వేస్తారు, కాబట్టి కోర్స్‌వర్క్ పోయినా ఫైనల్‌లో కవర్ చేసుకోవచ్చు. ఏ స్కీమ్ పడుతుందో ముందే తెలియదు, సేఫ్‌గా ఉండాలంటే రెండు టార్గెట్లూ కొట్టాల్సిందే.”

చివరి మాటతో మొదలుపెడతాను, ఎక్కువ మందిని అనవసరంగా టెన్షన్ పెడుతున్నది అదే. స్కీమ్ ఏలో కోర్స్‌వర్క్ 60 శాతం, ఫైనల్ 40 అనుకోండి. స్కీమ్ బిలో 30, 70. మీ కోర్స్‌వర్క్ సగటు 60, మీకు కావలసింది మొత్తం మీద 75. స్కీమ్ ఏ ప్రకారం కోర్స్‌వర్క్ నుంచి 36 చేతికొస్తాయి, మిగతా 39 ఫైనల్ నుంచి రావాలి, 39ని 0.4తో భాగిస్తే 97.5. బి ప్రకారం చేతికొచ్చేది 18, ఇంకా కావలసింది 57, దాన్ని 0.7తో భాగిస్తే సుమారు 81.4. మంచిదే వేస్తారు కాబట్టి ఈ రెండింట్లో చిన్నది దాటితే చాలు. ఫైనల్‌లో 82 వస్తే ఏలో 68.8 అవుతుంది, బిలో 75.4, పడేది బి. 97.5 కోసం నిద్ర మానుకోవడం దేనికి?

ఇక ముందే తెలియదనేది. స్కీమ్ ఏ నుంచి బికి మారితే జరిగేది ఒక్కటే, 30 శాతం వాటా కోర్స్‌వర్క్ నుంచి ఫైనల్‌కి వెళ్తుంది. ఫైనల్ మార్కు కోర్స్‌వర్క్ సగటు కంటే ఎక్కువైతే బి, తక్కువైతే ఏ. కాబట్టి పరీక్షకు ముందే సగటును టార్గెట్‌తో పోల్చి చూడండి: సగటు తక్కువగా ఉంటే మీరు చూసుకోవాల్సింది బి టార్గెట్, ఎక్కువగా ఉంటే స్కీమ్ ఏ టార్గెట్. సగటు 85 ఉన్నవాళ్లకు అదే 75 కోసం ఏలో 60 చాలు, బి అయితే దాదాపు 71 కావాలి. అయితే ఇంకా దిద్దని అసైన్‌మెంట్లు వదిలేసి సగటు కడితే ఈ లెక్కంతా తప్పుతుంది.

కోర్స్‌వర్క్ పోయినా కవర్ అవుతుందనేది మాత్రం నిజంగా ప్రమాదకరమైన మాట. బిలో కూడా 30 శాతం అక్కడే ఉంది కదా. సగటు 60 ఉన్న మనిషి ఫైనల్‌లో నూటికి నూరు తెచ్చుకున్నా 18, 70 కలిపి 88, అంతకు మించి రావు, 90 ఆశ అప్పటికే పోయినట్టే. అదే మిగిలిన అసైన్‌మెంట్లతో సగటును 70కి లాగితే గరిష్ఠం 91 అవుతుంది, 75 కోసం ఫైనల్‌లో కావలసింది 81.4 నుంచి 77.1కి దిగుతుంది.

ఫైనల్‌లో విడిగా కనీస మార్కు రావాలని నిబంధన ఉన్న కోర్సుల్లో, లెక్కలో టార్గెట్ ఎంత తక్కువగా తేలినా ముందు ఆ కనీస మార్కు దాటాలి.