మూడు స్కోర్లు చూసి పందెమా?

“వరసగా మూడు మ్యాచుల్లో దంచాడు, నాలుగోదాంట్లో ఫిఫ్టీ గ్యారంటీ కదా అన్నా?”

కాదు తమ్ముడూ. మా పర్లాకిమిడి టీకొట్ల దగ్గరా ఇదే నమ్మకంతో కుర్రాళ్లు డబ్బులు పోగొట్టుకుంటున్నారు, చూస్తే బాధేస్తుంది. సగటు 40 ఉన్న బ్యాటర్‌ని తీసుకో. ఏ పరుగు దగ్గరైనా అవుటయ్యే అవకాశం ఒకటే అనుకుంటే, అతను 50 కొట్టేది వంద ఇన్నింగ్స్‌లో సుమారు 29 సార్లే. మంచి ఫామ్ దీన్ని కాస్త పెంచొచ్చు, అంతే. కోహ్లీ 2016 ఐపీఎల్‌లో 81 సగటుతో 973 పరుగులు చేశాడు. మరుసటి ఏడాది సగటు 30.8. ఆట మర్చిపోయాడా?

పైగా ఆ మూడు ఇన్నింగ్స్ అందరూ చూసినవే కాబట్టి గెలిస్తే వచ్చే పందెం రేటు ముందే తగ్గిపోతుంది. 100కి 200 తిరిగొచ్చే రేటులో నష్టపోకుండా ఉండాలంటే అతను సగం సార్లు ఫిఫ్టీ కొట్టాలి.