పసుపు కాస్టు కాదు బాబూ, అది పసుపే

ఇప్పుడే కోఠి వైపు ఒక ఆల్బమ్ ల్యాబ్ నుంచి వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నాను. చదివే ఓపిక లేనివాళ్లు స్క్రోల్ చేసుకోండి, ఏమీ అనుకోను.

నేను ఫొటోలు తీసిన మొన్నటి పెళ్లి ఆల్బమ్ ప్రింటుకిచ్చాను. మంగళస్నానం పేజీ తెరిచి చూస్తే పిల్ల ఒంటికి రాసిన పసుపు సిమెంటు రంగులోకి పోయింది. బంతిపూల తోరణం వడలిపోయినట్టుంది. పక్కన నిలబడ్డ మేనత్తల పసుపు చీరలు గోధుమ రంగు. ఇదేంటి తమ్ముడూ అంటే, కౌంటర్‌లో అబ్బాయి స్క్రీన్ నా వైపు తిప్పి హిస్టోగ్రామ్ చూపించాడు, అంటే ఒక్కో రంగు వెలుగు ఎన్ని పిక్సెళ్లలో ఎంతుందో గుట్టల్లా గీసిన పటం, ఎడమన తక్కువ, కుడిన ఎక్కువ. "చూడన్నా, బ్లూ మొత్తం ఎడమ పక్కకే ఉండె. ఫుల్ యెల్లో కాస్టు. మేమే తీసేసినం, ఎక్స్‌ట్రా ఏం తీసుకోలే."

ఎక్స్‌ట్రా తీసుకోలేదట. దండం పెట్టాలా? కాస్టంటే లైటు వల్ల ఫొటో అంతటికీ అంటుకునే రంగు ఛాయ.

పసుపు నీలం కాంతిని మింగేస్తుంది. అందుకే అది పసుపుగా కనిపిస్తుంది. పసుపు రాసిన ఒళ్లు, పసుపు చీరలు, బంతిపూలు, వెనక పసుపు గుడ్డ, ఇన్ని ఒకే ఫ్రేములో ఉంటే బ్లూ ఛానల్ గుట్ట ఎడమ పక్కన కాక ఎక్కడ ఉంటుంది? ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గుట్టలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలని ఎవరు చెప్పారో గానీ, ఊరంతా అదే నమ్ముతోంది. హిస్టోగ్రామ్ చెప్పేది ఫ్రేములో ఎన్ని పిక్సెళ్లకు ఎంత నీలం ఉందో అంతే. ఆ నీలం తగ్గడానికి కారణం లైటా, వస్తువా అన్నది దానికి తెలియదు. అది తెలియాలంటే ఫొటోలో నిజంగా తెల్లగానో, బూడిదగానో ఉండాల్సిన వస్తువు ఒకటి వెతికి, అక్కడ మూడు రంగుల అంకెలూ చదవాలి, ఒక్కోటి సున్నా నుంచి 255 దాకా ఉంటుంది.

ఆ ఫొటోలో అలాంటి వస్తువు ఉంది. చెంబుతో నీళ్లు పోస్తున్న మేనమామ బనియన్. ఉదయం ఆరుబయట, నీడలో తీసిన ఫొటో అది. బనియన్ మీద నా ఫైల్లో ఎరుపు 236, ఆకుపచ్చ 235, నీలం 233. మూడూ దాదాపు సమానం. అంటే లైటులో ఏ దోషమూ లేదు, ఉన్నదంతా పసుపే. వాళ్లు దిద్దాక అదే బనియన్ మీద నీలం 250 దాటి, ఎరుపు 220కి దిగింది. మేనమామ బనియన్ లేత నీలం! అది మాత్రం ఎవరికీ కనపడలేదు. (బనియన్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. మన ఇళ్లలో తెల్లబట్టలకు నీలిమందు పెడతారు, కొత్తవాటికి మెరుపు రసాయనాలుంటాయి, నీలం కాస్త ఎక్కువ చూపిస్తుంది. స్టీలు చెంబు అసలే వద్దు, పక్కనున్న పసుపంతా అందులోనే కనిపిస్తుంది.)

రంగులు తనంతట తానే దిద్దే ఆటో బటన్ ఏం చేస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ అబ్బాయికి అది దేవుడు. చాలా ఆటోలు ఫొటో మొత్తం రంగుల్ని కలిపి సగటు తీసి, ఆ సగటు బూడిద రంగు కావాలని లాగుతాయి. కొత్త తెలివేమీ కాదు. కొడాక్‌లో పనిచేసిన రాల్ఫ్ ఎవాన్స్ దీనికి 1951లోనే పేటెంటు తీసుకున్నాడు. ఫిల్ము ప్రింటింగ్ మెషీన్ల కాలం నాటి సంగతి. మామూలు వీధి, మామూలు గది అయితే బాగానే పనిచేస్తుంది. ఫ్రేమంతా ఒకే రంగు నిండితే బోల్తా పడుతుందని ప్రింటింగ్ వాళ్లకు అప్పటి నుంచీ తెలుసు. 'సబ్జెక్ట్ ఫెయిల్యూర్' అని పేరు కూడా పెట్టుకున్నారు. మన కోఠికి ఆ కబురు ఇంకా చేరలేదు.

సరే, కాస్టు తీయడమే వాళ్ల ఆశయం అయితే, నిజంగా కాస్టు ఉన్న ఫొటో కూడా అదే ఆల్బమ్‌లో ఉంది. తలంబ్రాల ఫొటో. ఫంక్షన్ హాల్లో వీడియో వాళ్లు పెట్టిన పసుపు లైట్ల కింద తీసింది. కెమెరా ఏమీ దిద్దకుండా దాచిన రా ఫైల్ ఉంటే వైట్ బ్యాలెన్స్ అక్కడే తేల్చేవాణ్ణి. ఇది రెండో కెమెరా కుర్రాడు జేపెగ్‌లో తీశాడు (వాడి సంగతి ఇంకో పోస్టు). అందుకని ఒక్కో రంగు వెలుగును ఒక గీత జరిపి పెంచి తగ్గించే కర్వ్స్ తప్ప గతి లేదు. అందరూ టెంపరేచర్ స్లైడర్ అటూ ఇటూ ఊపి కంటికి బాగుంది అనిపించగానే ఆపేస్తారు. కన్ను నమ్మదగ్గది కాదు. ఆ లైటు కిందే పది నిమిషాలు కూర్చుంటే అదే తెలుపని అలవాటు పడిపోతుంది.

ఆ ఫొటోలో నాకు దొరికిన తెలుపు మధుపర్కం చీర. ఎర్ర అంచుకు దూరంగా, వెలుగు పడిన చోట చదివితే ఎరుపు 243, ఆకుపచ్చ 226, నీలం 181. హిస్టోగ్రామ్ కూడా అదే చెబుతోంది. ఎరుపు కుడి అంచుదాకా వెళ్లింది, ఆకుపచ్చ కాస్త ముందే ఆగింది, నీలం 190 దగ్గరే దాదాపు అయిపోయింది. ఆపైన బల్బుల దగ్గర ఒక సన్న గీత, అంతే. ఒక్క చోటు చూసి ఆగకూడదు. చీర మడత నీడలో 128, 119, 95. జుట్టులో 24, 22, 18. మూడు చోట్లా నీలం ఎరుపులో సుమారు ముప్పావు వంతే. వెలుగులోనూ, మధ్యలోనూ, చీకట్లోనూ ఒకే నిష్పత్తి ఉందంటే పడింది ఒకే రకం లైటు, ఒకే దిద్దుబాటు సరిపోతుంది. ఇక్కడ నిష్పత్తులు కొట్టుకుంటే రెండు రకాల లైట్లు కలిశాయని అర్థం. అప్పుడు ఎంత గింజుకున్నా ఒక్క కర్వు చాలదు.

దిద్దడం ఇలా. కర్వ్స్ తెరిచి బ్లూ ఛానల్‌కి వెళ్లి, కుడివైపు పై కొసను పైఅంచు వెంబడే ఎడమకి జరిపి 197 దగ్గర నిలిపాను. అంటే పాత 197 ఇప్పుడు 255. గీత తిన్నగానే ఉంది, వంపు లేదు. చీరలో 181 ఉన్న నీలం 234 అయింది. గ్రీన్‌లో అదే కొసను 240కి జరిపితే 226 కాస్తా 240. ఎరుపు ముట్టుకోలేదు. ఇప్పుడు చీర 243, 240, 234. మడత నీడ 128, 126, 123. జుట్టు 24, 23, 23. అయిపోయింది. నీలం పెంచితే పసుపు తగ్గుతుంది, ఆకుపచ్చ పెంచితే మెజెంటా తగ్గుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు.

చీరలో మూడూ ఖచ్చితంగా సమానం ఎందుకు చేయలేదంటారా? మధుపర్కం పాలనురుగు తెలుపు కాదు, కాస్త మీగడ ఛాయ ఉంటుంది. ఆ తొమ్మిది అంకెల తేడా దానిది, దాన్ని లాక్కునే హక్కు నాకు లేదు. ఎరుపు తగ్గించి ఎందుకు సమానం చేయలేదంటారా? ఎరుపు పై కొసను కిందికి లాగితే, ఫ్రేములో వెలుగు మరీ ఎక్కువై పూర్తి తెలుపైపోయిన బల్బులు 255, 255, 255 ఉన్నవి ఎరుపు పోగొట్టుకుని లేత నీలిరంగు దీపాలవుతాయి. ల్యాబ్ ఆల్బమ్‌లలో అలాంటి దీపాలు మీరంతా చూసే ఉంటారు. నేను చెప్పిన పద్ధతిలో ఫొటో కాస్త వెలుగెక్కుతుంది. మొత్తం ఆర్‌జీబీ కర్వు మధ్యలో ఒక చుక్క పెట్టి కొంచెం దించితే సరి. నీలం ఇంత సాగదీస్తే చీకట్లో గరుకు కూడా పైకి తేలుతుంది, ముఖ్యంగా జేపెగ్‌లో. అది భరించాల్సిందే.

సరిగ్గా వచ్చిందో లేదో తలంబ్రాలే చెబుతాయి. చీర తెల్లగా ఉండాలి, పక్కనే రాలుతున్న బియ్యం పసుపుగా ఉండాలి. బియ్యం కూడా తెల్లబడితే చెయ్యి జారినట్టు. ఇంత తేలిగ్గా సరిచూసుకునే ఫొటో ఇంకెక్కడ దొరుకుతుంది? మరి ల్యాబ్ వాళ్లు ఈ ఫొటోని ఏం చేశారు? ఏమీ చేయలేదు! వెనక డెకరేషన్ వాళ్లు పెట్టిన ఊదా రంగు ఎల్‌ఈడీలు ఉన్నాయి కదా, ఆ నీలం కలిసేసరికి సగటు సరిపోయిందని ఆటో అలాగే వదిలేసింది.

ఆ ఊదా లైట్ల గురించి కూడా మాట్లాడాలి. ఈ ఊళ్లో పెళ్లి మంటపాన్ని పబ్బులా వెలిగించాలని ఏ మహానుభావుడు మొదలుపెట్టాడో. ఆ లైటులో ఎరుపు, నీలం తప్ప ఆకుపచ్చ దాదాపు ఉండదు. అది ముఖం మీద పడితే గ్రీన్ ఛానల్‌లో ముక్కు, చెంప తేడా తెలిపే సమాచారమే ఉండదు. లేనిదాన్ని కర్వు ఎక్కడి నుంచి తెస్తుంది? ఇంకో ఫొటోలో పూజారి గారి సగం ముఖం ఊదా, సగం పసుపు. ఆ రెండు సగాలకీ వేర్వేరు మాస్కులు గీస్తూ రాత్రిళ్లు కూర్చునేది ఎవరు? డెకరేషన్ వాళ్లు మాత్రం అడ్వాన్సు ముందే తీసుకుని వెళ్లిపోతారు.

అసలు మండింది ఇవేవీ కాదు. ల్యాబ్ అబ్బాయితో నేను గొడవ పడుతుంటే, ఆల్బమ్ చూద్దామని వచ్చిన పెళ్లికూతురి పిన్ని ఆ మంగళస్నానం పేజీ చూసి అంది కదా, "ఉండనీ బాబూ, పిల్ల తెల్లగా వచ్చింది."

ఆ అబ్బాయి నా వైపు చూసిన చూపు!

నుదుటి మీద అంకెలు చూపించాను. పసుపు అంటని చోట నా ఫైల్లో ఎరుపు 196, ఆకుపచ్చ 148, నీలం 112. చామనఛాయైనా తెలుపైనా, మామూలు వెలుగులో మనిషి చర్మానికి ఈ వరసే ఉంటుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పెద్ద నుంచి చిన్నకి. వాళ్ల ప్రింటు ఫైల్లో 183, 165, 168. నీలం ఆకుపచ్చని దాటిపోయింది. జ్వరం వచ్చినవాళ్లకు కూడా ఆ రంగు రాదు. పిన్ని గారు అంకెలు చూడలేదు, చూడరు కూడా. ఆమెకు కనిపించింది ఒక్కటే, పిల్ల తెల్లబడింది.

ఈ మాట నాకు కొత్తా? ఏ ఇంట్లో ఆల్బమ్ ఇచ్చినా చివరికి వచ్చే కోరిక ఇదే, "మా అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యండి." పెళ్లికొడుకు గురించి ఎవరూ అడగరు, గమనించారా? వాడు ఎంత నల్లగా ఉన్నా కళగా ఉన్నాడంటారు. నేను కూర్చుని ఆ పిల్ల అసలు రంగు ఆ పిల్లకి తెచ్చిస్తే, కెమెరా మంచిది కాదేమో అంటారు. ఆటో బటన్ నొక్కి పిల్ల ఒంట్లోంచి పసుపూ, రక్తమూ రెండూ తోడేసినవాడు పనిమంతుడు.

ఆ పేజీ నా ఖర్చుతో మళ్లీ ప్రింటు వేయించమని చెప్పి వచ్చాను, దిద్దుబాటు వద్దని ఆర్డరు మీద రాయించి మరీ. దానికి మాత్రం ఎక్స్‌ట్రా తీసుకుంటారట.