గుర్తు మారితే 300 కాస్తా 700

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఉష్ణగతికశాస్త్రం మీద రాసిన ఆరు పేజీల నోట్సు నాకిచ్చాడు. "అచ్చుతప్పులు చూసిపెట్టు, రేపు జిరాక్స్‌కి ఇవ్వాలి" అన్నాడు. అక్షరదోషాలు నాలుగైదుకు మించి లేవు. అయినా దాన్ని అలాగే పిల్లలకు ఇవ్వొద్దన్నాను.

రెండో పేజీలో మొదటి నియమం ΔQ = ΔU + ΔW అని ఉంది. ఇక్కడ ΔW అంటే వాయువు చేసిన పని. నాలుగో పేజీకి వచ్చేసరికి అదే నియమం ΔU = q + w అయింది. ఇది రసాయనశాస్త్రం పుస్తకంలో కనిపించే రూపం, అందులో w అంటే వాయువు మీద జరిగిన పని. విడివిడిగా రెండూ సరైనవే. ఏ అక్షరానికి ఏ అర్థమో చెప్పకుండా ఒకే నోట్సులో రెండూ వాడటమే తప్పు. వాయువుకు 500 J ఉష్ణం ఇచ్చాం, అది 200 J పని చేసింది అనుకుందాం. మొదటి సూత్రంతో అంతర్గత శక్తి 300 J పెరుగుతుంది. రెండోదానిలో w కి −200 వేయాలని తెలియని పిల్లవాడికి 700 వస్తుంది. నోట్సు తప్పని వాడికి తోచదు, తనకే లెక్కలు రావనుకుంటాడు.

"క్లాసులో నేను చెబుతాగా" అన్నాడు మిత్రుడు. చెబుతాడు, బాగా చెబుతాడు. కానీ పరీక్ష ముందు రాత్రి పిల్లల దగ్గర ఉండేది ఆ కాగితమే.

పదాల సంగతి ఇంకా నొప్పి కలిగించింది. మూడో పేజీలో 'సమోష్ణోగ్రతా ప్రక్రియ' అన్నదే ఐదో పేజీలో 'స్థిర ఉష్ణోగ్రత ప్రక్రియ' అయింది. దాని కిందే 'స్థిరోష్ణక ప్రక్రియ' ఉంది. చదివేవాడు ఈ రెండూ ఒకటే అనుకోడా? స్థిరోష్ణకంలో ఉష్ణం లోపలికి రాదు, బయటికి పోదు. ఉష్ణోగ్రత మాత్రం మారుతుంది, వాయువు వ్యాకోచిస్తే చల్లబడుతుంది. తెలుగు పారిభాషిక పదాలు కష్టమని తెలుగు మీడియాన్నే తప్పుపడుతున్నాం. ఒక్కదానికి రెండు పేర్లు పెట్టి, రెండోది ఇంకొకదాని పేరులా వినిపించేలా రాస్తే ఏ భాషలోనైనా కష్టమే.

అందుకే నోట్సును మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చదివి వదిలేస్తే చాలదు. ఒక పదం పట్టుకుని అది వచ్చిన ప్రతిచోటా చూడాలి. తర్వాత ఒక్కో గుర్తుకీ అదే పని చేయాలి. సింబల్ ఫాంట్ పోతే ΔU కాస్తా DU అవుతుంది, ఫార్మాటింగ్ పోతే PVᵞ లో పైన ఉండాల్సిన γ కిందికి దిగుతుంది. పిల్లవాడు ఘాతాన్ని గుణకారం చేసేస్తాడు. అంశాల నంబర్లు ఆఖర్న చూడాలి. మిత్రుడు మధ్యలో మూడో అంశం కొత్తగా చేర్చాడు. దాంతో "5వ అంశంలో చెప్పినట్టు" అన్న వాక్యం ఇప్పుడు వేరే అంశాన్ని చూపిస్తోంది.

భౌతికశాస్త్రం రూపాన్నే అంతటా ఉంచి, మొదటి పేజీ పైన ఒక వాక్యం చేర్చాను: "ఈ నోట్సులో ΔW అంటే వాయువు చేసిన పని." జిరాక్స్ ఒక రోజు ఆలస్యమైంది.